టేబుల్ చూసే చేశాను, అయినా జవాబు తప్పింది: నార్మల్ టేబుల్‌తో వచ్చే తంటా

కావలిలో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతుంటాను. పరీక్షల ముందు ఫోన్ నిండా ప్రశ్నపత్రాల ఫొటోలే. ప్రశ్న, దాని కింద అచ్చేసిన నార్మల్ టేబుల్, పక్కన పెన్నుతో చేసిన లెక్క. ఆఖర్న ఒకటే మాట: "సార్, టేబుల్ చూసే రాశాను, ఆన్సర్ రావడంలా."

జెడ్ విలువ కట్టడం, ఎడమ నిలువు వరుసలో 1.2 పట్టుకుని పై వరుసలో .05 కిందికి రావడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. తప్పు అక్కడ జరగడం తక్కువ.

కనిపించే లక్షణం

మీ జవాబుకీ అసలు జవాబుకీ తేడా సరిగ్గా 0.5 ఉంటుంది. లేదంటే రెండూ కలిపితే 0.5 గానీ 1 గానీ అవుతాయి. ఈ మూడింట్లో ఏది కనిపించినా లెక్క మళ్లీ మొదటినించీ చేయకండి. జెడ్ సరిగ్గానే కట్టుంటారు. మీ చేతిలో ఉన్న టేబుల్ మీరనుకున్న టేబుల్ కాదు, అంతే.

కారణం

నార్మల్ టేబుల్ ఒకటే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అచ్చులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి మధ్యగీత నుంచి, అంటే 0 నుంచి z దాకా ఉన్న వైశాల్యం ఇస్తుంది. రెండోది ఎడమ చివరి నుంచి z దాకా ఉన్నదంతా ఇస్తుంది. మూడోది z కి కుడిపక్క మిగిలిన తోక మాత్రమే ఇస్తుంది. జెడ్ 1.25 దగ్గర మొదటి దాంట్లో 0.3944, రెండో దాంట్లో 0.8944, మూడో దాంట్లో 0.1056 ఉంటాయి. మూడూ నిజమే, చెప్పే సంగతే వేరు.

ఏ రకమో టేబుల్ పైనే గంట ఆకారం గీసి, లెక్కలోకి వచ్చే భాగాన్ని నల్లగా పూసి చూపిస్తారు. కొన్ని పేపర్లలో బొమ్మ ఉండదు, ఫార్ములా షీట్‌లో `P(0 < Z < z)` అనో `P(Z ≤ z)` అనో ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క చదివేవాడు నూటికి ఒకడు. ఇక ఫొటో తీసేటప్పుడు అంకెలు బాగా పడాలని దగ్గరికి పెట్టి తీస్తారు, ముందు ఎగిరిపోయేది ఆ బొమ్మే.

మన చెరువుల లెక్కతోనే చూద్దాం. ఒక చెరువులో రొయ్య సగటు బరువు 20 గ్రాములు, ప్రామాణిక విచలనం 4 గ్రాములు, బరువులు నార్మల్‌గా ఉన్నాయి. 40 కౌంట్ కన్నా పెద్ద రొయ్యలు ఎంత వంతు? 40 కౌంట్ అంటే కిలోకి నలభై, కాబట్టి ఒక్కోటి 25 గ్రాములు.

```
z = (25 - 20) / 4 = 1.25
```

ఈ లెక్క పంపిన అబ్బాయి ఇంట్లో ప్రాక్టీస్ చేసింది రెండో రకం టేబుల్‌తో. అందుకే చెయ్యి అలవాటుగా "ఒకట్లోంచి తీసెయ్" అంటుంది. పేపర్లో ఇచ్చింది మొదటి రకం. 1 − 0.3944 చేసి 0.6056 అని రాశాడు. "ఆప్షన్లలో ఉంది కదా సార్" అన్నాడు. ఉంటుంది మరి! పేపర్ వేసినాయనకి మీరెక్కడ జారతారో తెలుసు. 0.3944, 0.6056, 0.8944, 0.1056 నాలుగూ వరసగా పెడతాడు. ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన లెక్క సరైందని కాదు.

"ఏందబ్బయా, సగటు 20 గ్రాములున్న చెరువులో వందకి అరవై రొయ్యలు 25 గ్రాములు దాటాయా? ఏ చెరువో చెప్పు, మనమే కొందాం" అన్నాను. సగటు కన్నా పైనున్న బరువుని దాటినవి ఎంత వంతు అని అడిగితే జవాబు సగానికి తక్కువే రావాలి. సరైన లెక్క 0.5 − 0.3944 = 0.1056. వెయ్యి రొయ్యల్లో దాదాపు 106.

పరిష్కారం: మూల గడి

బొమ్మ ఉన్నా లేకపోయినా, మొదటి వరుసలో మొదటి గడి చూడండి, అంటే జెడ్ 0.00 దగ్గరిది. అక్కడ 0.0000 ఉంటే మొదటి రకం. 0.5000 ఉండి, పక్క గడుల్లో అంకెలు పెరుగుతుంటే రెండోది, తగ్గుతుంటే మూడోది. పది సెకన్ల పని. చూడగానే టేబుల్ పక్కన పెన్సిల్‌తో "మధ్య నుంచి", "ఎడమ నుంచి", "తోక" అని రాసేయండి.

మూల గడే ఎందుకని అడుగుతారు. మసక ఫొటోలో 3 కీ 8 కీ తేడా తెలియదు. 0.3944 కీ 0.8944 కీ ఉన్న తేడా ఆ ఒక్క అంకెలోనే ఉంది. మసక అంకె చూసి రకం తేల్చబోతే సరిగ్గా అక్కడే పడతారు. 0 కీ 5 కీ అంత పొరపాటు రాదు. మూల కూడా తెగిపోయి ఉంటే 3.0 వరుస మొదటి గడి చూడండి: 0.4987, 0.9987, 0.0013. అక్కడ 4 కీ 9 కీ తేడా తెలియకపోతే ఇంకో ఫొటో తెప్పించుకోవడమే.

ఇందులో నేనూ దెబ్బతిన్నాను. డిగ్రీలో ఒక పరీక్షకి తోక టేబుల్ ఇచ్చారు. నేను చదివింది మొదటి రకం. అనుమానం వచ్చి, నాకు బాగా గుర్తున్న 0.67 దగ్గర చూశాను. పావు వంతు రావాలి, 0.2514 కనిపించింది. "ఆ, మనదే" అనుకుని హాయిగా పేపరంతా రాసేశాను. మొదటి రకంలో అక్కడ 0.2486 ఉంటుంది. రెండు టేబుళ్లూ దాదాపు కలిసే చోటు అదొక్కటే, నేను పోయి పోయి అక్కడే పరీక్షించుకున్నాను.

టేబుల్‌ని వెనక నుంచి వాడే లెక్కల్లో ఇది ఇంకా బాగా మోసం చేస్తుంది. అదే చెరువులో పై పది శాతం రొయ్యలు ఎన్ని గ్రాముల నుంచి మొదలవుతాయి అని అడిగారనుకోండి. మొదటి రకంలో లోపల 0.1000 వెతికితే 0.0987 దొరుకుతుంది, జెడ్ 0.25, బరువు 21 గ్రాములు. సగటుకి ఒక్క గ్రాము పైనే పెద్ద రొయ్యలన్నీ మొదలవుతాయా? వెతకాల్సింది 0.4000. దగ్గరిది 0.3997, జెడ్ 1.28, బరువు 25.12 గ్రాములు. రెండో రకమైతే 0.9000 వెతకాలి, తోక టేబుల్ అయితేనే 0.1000.

t-టేబుల్ వాళ్లకి

అక్కడ తంటా ఒక తోకా, రెండు తోకలా అన్నది. 0.05 నిలువు వరుసలో అట్టడుగున ∞ దగ్గర 1.645 ఉంటే ఒక తోక, 1.960 ఉంటే రెండు తోకలు. స్వేచ్ఛాంశాలు 9 అయితే ఇవే 1.833, 2.262 అవుతాయి.

మిగతావి

ఫొటో ఏటవాలుగా ఉంటే కన్ను పక్క వరుసలోకి జారుతుంది, కాగితం అంచు పెట్టుకోండి. ఒక్క అంకె మసకగా ఉంటే అటూ ఇటూ గడులు చూడండి: 0.3925, 0.3944, 0.3962 అని నెమ్మదిగానే కదులుతాయి, మధ్యలో గెంతవు. రుణ జెడ్‌కి టేబుల్ లేదని కంగారు వద్దు, రెండు పక్కలా ఒకటే ఆకారం. అచ్చుతప్పు అంటారా, ఇన్నేళ్లలో పిల్లలు అచ్చుతప్పు అన్న ప్రతిసారీ మూల గడి చూడమన్నాను, ఫోన్ మళ్లీ రాలేదు.