తర్కం నేర్చుకుందాం – 4: మూడు వాక్యాలూ నిజమే, అయినా వాదన నిలవదు

పోయిన పాఠంలో నాలుగు రకాల వాక్యాలు చూశాం. ఈసారి ఒకే ఒక్క వాదన తీసుకుని చివరిదాకా పరీక్షిద్దాం. అనంతపురంలో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే.

కడప జిల్లా ఊళ్లన్నీ రాయలసీమ ఊళ్లే.
గుంటూరు జిల్లా ఊరేదీ కడప జిల్లా ఊరు కాదు.
కాబట్టి గుంటూరు జిల్లా ఊరేదీ రాయలసీమ ఊరు కాదు.

మూడూ నిజాలే. అందుకే "సరైన వాదన" అని టిక్కు పెట్టేస్తారు. కానీ మనల్ని అడిగింది ముగింపు నిజమా అని కాదు. పై రెండు వాక్యాలను ఒప్పుకుంటే మూడోదాన్ని ఒప్పుకోక తప్పదా అని. మనకు మ్యాపు ముందే తెలుసు కాబట్టి ఆ తేడా కనిపించదు. వలయాలకు మ్యాపు తెలియదు. అవి మనం చెప్పింది మాత్రమే చూపిస్తాయి.

కాగితం మీద మూడు వలయాలు గీయండి, ప్రతిదీ మిగతా రెండింటి మీదికీ రావాలి. కింద కడప, పైన ఎడమవైపు గుంటూరు, కుడివైపు రాయలసీమ. జాన్ వెన్ 1880లో ప్రతిపాదించిన పద్ధతి ఇదే. ఇందులో గీతల మధ్య ఏర్పడే ఒక్కో భాగాన్ని గది అందాం. ఒక గదిని పెన్సిల్‌తో నలుపు చేశామంటే అందులో ఏ ఊరూ లేదని అర్థం. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తలకిందులు చేసేది దీన్నే: ఊళ్లు ఉన్నచోట రంగు వేస్తారు, దాంతో బొమ్మంతా తప్పవుతుంది.

మొదటి వాక్యం ప్రకారం రాయలసీమ బయట కడప ఊరు ఉండదు. కాబట్టి కడప వలయంలో రాయలసీమ బయటికి మిగిలిన భాగమంతా నలుపు చేయండి. రెండో వాక్యం ప్రకారం గుంటూరు, కడప కలిసేచోట ఏమీ లేదు. అదీ నలుపు చేయండి. ఇక పెన్సిల్ కింద పెట్టేయండి. ముగింపును బొమ్మలో గీయకూడదు, అది అప్పటికే పడి ఉందా అని చూడాలి.

ముగింపు నిలవాలంటే గుంటూరు, రాయలసీమ కలిసేచోటంతా నల్లగా ఉండాలి. అక్కడ రెండు గదులున్నాయి. కడప లోపల పడేది నల్లబడింది. కడప బయట ఉన్నది తెల్లగానే మిగిలింది. గుంటూరు ఊరేదైనా ఆ తెల్లగదిలో ఉండొచ్చని మన రెండు వాక్యాలూ ఒప్పుకుంటున్నాయి. వాదన చెల్లదు.

నమ్మకం కుదరకపోతే గుంటూరు తీసి అనంతపురం పెట్టండి. అనంతపురం జిల్లా ఊరేదీ కడప జిల్లా ఊరు కాదు, నిజమే. కాబట్టి అనంతపురం ఊరేదీ రాయలసీమ ఊరు కాదట! వాక్యాల అమరిక అదే, ముగింపు మాత్రం పచ్చి అబద్ధం. ఆ తెల్లగదిలో ఉన్నది మన అనంతపురమే.

ఇప్పుడు బొమ్మ లేకుండా అదే తప్పు పట్టుకుందాం. ఒక పదం సూచించే వాటన్నిటి గురించీ వాక్యం ఏదో చెబితే ఆ పదం వ్యాప్తమైంది అంటాం. "కడప ఊళ్లన్నీ రాయలసీమవే" అన్నప్పుడు ప్రతి కడప ఊరి గురించీ చెప్పాం. రాయలసీమ ఊళ్లన్నిటి గురించీ ఏమీ చెప్పలేదు. కాబట్టి కడప వ్యాప్తం, రాయలసీమ కాదు. "ఏదీ కాదు" అనే వాక్యంలో రెండు పదాలూ వ్యాప్తమే.

నియమం: ముగింపులో వ్యాప్తమైన పదం ఆధార వాక్యంలోనూ వ్యాప్తమై ఉండాలి. మన ముగింపు "ఏదీ కాదు" రకం, అంటే రాయలసీమ మొత్తం మీద మాట్లాడుతోంది. ఆ పదం వచ్చిన మొదటి వాక్యం మాత్రం రాయలసీమలో కొంత భాగాన్నే తాకింది. చెప్పనిదాన్ని చెప్పినట్టు లాక్కున్నాం. బొమ్మలో తెల్లగా మిగిలిన గది ఈ లోటే.

ఇంకో నియమం ఉంది: రెండు ఆధార వాక్యాల్లోనూ కనిపించే మధ్యపదం కనీసం ఒక్కసారైనా వ్యాప్తం కావాలి. ఇక్కడ కడప రెండుసార్లూ వ్యాప్తమే, ఆ లెక్కన దోషం లేదు. అందుకే మధ్యపదం ఒక్కటే చూసి వదిలేయడం ప్రమాదం.

వ్యాప్తి నియమాలు రెండూ పాటించినంత మాత్రాన కూడా వాదన చెల్లుతుందని కాదు. "కడప ఊరేదీ కోస్తా ఊరు కాదు, అనంతపురం ఊరేదీ కడప ఊరు కాదు, కాబట్టి అనంతపురం ఊరేదీ కోస్తా ఊరు కాదు" అనేదాన్ని పరీక్షించండి. వ్యాప్తిలో లోపం దొరకదు, బొమ్మలో మాత్రం తెల్లగది మిగులుతుంది. రెండు ఆధార వాక్యాలూ కాదనేవే అయితే ఏ ముగింపూ రాదన్న వేరే నియమం దీన్ని పట్టుకుంటుంది.

వచ్చే పాఠానికి ఇది చేసి ఉంచండి: "నల్లరేగడి నేలలన్నీ పత్తి పండే నేలలు. కర్నూలు జిల్లాలో కొన్ని నేలలు పత్తి పండే నేలలు. కాబట్టి కర్నూలు జిల్లాలో కొన్ని నేలలు నల్లరేగడివి." "కొన్ని" వచ్చింది కాబట్టి ఈసారి నలుపుతో పాటు, ఆ గదిలో కనీసం ఒకటైనా ఉందని చెప్పే గుణకారపు గుర్తు కూడా కావాలి. ముందు "అన్నీ" వాక్యాన్ని నలుపు చేసి, తర్వాతే ఆ గుర్తు పెట్టండి. గుర్తు ఏ గదిలో పడాలో తేలక గీత మీదే నిలిచిపోతే, ఎందుకు నిలిచిందో మధ్యపదాన్ని చూసి రాయండి.