సెలూన్‌లో కరెంటు, నీళ్లు, షాంపూ మూడూ వృథాగా పోయే చోటు: హెయిర్ వాష్ బేసిన్

సమస్య: కస్టమర్లు పెరగలేదు, కరెంటు బిల్లు పెరిగింది. మధ్యాహ్నానికే ట్యాంకు ఖాళీ, మోటారు మళ్లీ వెయ్యాల్సి వస్తోంది.

చాలామంది ముందు గీజర్ని అనుమానిస్తారు. ముందు చూడాల్సింది హ్యాండ్ షవర్. దాన్ని పూర్తిగా తిప్పి, 10 సెకన్లు బకెట్లో పట్టి, లీటరు మగ్గుతో కొలవండి. 2 లీటర్లు వచ్చాయంటే నిమిషానికి 12. వాష్‌కి 4 నిమిషాలు ఆపకుండా వదిలితే 48 లీటర్లు. ఆ నీటిని 28 డిగ్రీల నుంచి 38కి తేవడానికి అర యూనిట్ పైనే కాలుతుంది.

పరిష్కారం: నిమిషానికి 6 లీటర్లిచ్చే, పిడి మీద ఆపే బటన్ ఉన్న షవర్ బిగించండి. నురగ రుద్దేటప్పుడు ఆపితే నీళ్లు నడిచేది రెండున్నర నిమిషాలే, అంటే 15 లీటర్లు. రోజుకి 10 వాష్‌లు, నెలకి 26 రోజులైతే సుమారు 100 యూనిట్లు మిగులుతాయి. మీ బిల్లులో యూనిట్ రేటుతో గుణించి చూసుకోండి.

ఇక్కడే ఒక చిక్కుంది. బటన్‌తో ఆపి, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్ కుళాయిని తెరిచే వదిలేస్తే, వేడినీళ్లు చన్నీళ్ల పైపులోకి ఎక్కుతాయి. ఎవరూ వాడకుండానే గీజర్ లైటు మాటిమాటికీ వెలుగుతుంటే కారణం ఇదే కావచ్చు. పైగా హోస్ మీద ప్రెషర్ నిలిచి, అది పగలొచ్చు. బటన్ వాష్ మధ్యలో ఆపడానికి మాత్రమే. వాష్ అయ్యాక మిక్సర్ కట్టెయ్యాలి. రెండు పైపులకీ నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ వేయిస్తే ఇంకా మంచిది.

థర్మోస్టాట్ బాగా తగ్గించేస్తే కలిసొస్తుందనుకోకండి. నిల్వనీళ్లు గోరువెచ్చగా ఉంటే క్రిములు పెరుగుతాయి. 60 దగ్గరే ఉంచి, రాత్రి కట్టేసేటప్పుడు స్విచ్ ఆపండి. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికే వేడెక్కిపోతాయి. అప్పుడు గీజర్ అవసరమే లేదు, కాకపోతే తలమీద పోసేముందు చెయ్యి పెట్టి చూడాలి.

సమస్య: షాంపూ డబ్బా త్వరగా అయిపోతోంది, నురగ రావడం లేదు.

కోనసీమ, నరసాపురం వైపు తీరానికి దగ్గర బోర్లలో ఉప్పు, గట్టిదనం ఎక్కువ. నురగ రాక, అలవాటుగా ఇంకో రెండు పంపులు వేస్తారు. రెండు సీసాల్లో సగం సగం, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో కాలువ నుంచి వచ్చే కుళాయి నీళ్లు పోసి, రెండేసి చుక్కల షాంపూ వేసి ఊపండి. తేడా కళ్లకి కనబడితే బేసిన్‌కి కుళాయి నీళ్ల ట్యాంకు వేరుగా పెట్టి, బోరుని నేల కడగడానికీ బాత్‌రూమ్‌కీ వదిలెయ్యండి. షాంపూ ఒక వంతుకి నీళ్లు మూడు వంతులు అప్లికేటర్ సీసాలో కలిపి వాడితే తల అంతా ఒకే పూతలో అందుతుంది. ఏ రోజుకా రోజే కలపాలి. పలచబడిన షాంపూలో నిల్వమందు చాలక చెడిపోతుంది.

బోరు నీళ్లే దిక్కయితే షవర్ రంధ్రాలు తెల్లటి పొరతో పూడిపోతాయి. ధార పక్కకి చిమ్మడం మొదలవగానే షవర్ తల విప్పి, గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.