వర్గమూలాలు, కరణీయ సంఖ్యలు – 4వ పాఠం: √12 దగ్గర తెగే మెట్టు

గత పాఠంలో √3 కరణీయ సంఖ్య అని నిరూపించాం. అది చదివిన ఒక పదో తరగతి అమ్మాయి తన పుస్తకంలోని అభ్యాసాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపింది. లెక్క ఒకటే వాక్యం: "√12 కరణీయ సంఖ్య అని చూపండి." దాని కింద తను పెన్సిల్‌తో రాసుకున్న నాలుగు లైన్లు కూడా ఫొటోలో పడ్డాయి. ఈ పాఠం ఆ లైన్ల గురించే.

ఫొటోలోంచి లెక్క దించుకునేటప్పుడు ముందు గుర్తును జాగ్రత్తగా చదవండి. పేజీ వంగినచోట 3√5 చూడ్డానికి ∛5లా ఉంటుంది. ఒకటి √5కి మూడు రెట్లు, ఇంకొకటి 5 ఘనమూలం. రెండింటి నిరూపణలూ వేరు. పేర్ల దగ్గర కూడా చాలామంది తడబడతారు: p/q రూపంలో రాయగలిగేది అకరణీయ సంఖ్య, రాయలేనిది కరణీయ సంఖ్య. శుల్బసూత్రాల్లో √2ని ద్వికరణి అన్నారు. కరణి అంటే మూలం అని గుర్తుంచుకుంటే 'అ' ఎటువైపు ఉండాలో మర్చిపోరు.

ఇక ఆ అమ్మాయి రాసింది చూద్దాం. √12 అకరణీయం అనుకుందాం, అంటే √12 = a/b. ఇక్కడ a, b ధన పూర్ణసంఖ్యలు, వాటికి 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. రెండువైపులా వర్గం చేస్తే a² = 12b². ఇంతవరకు చక్కగా ఉంది. తర్వాతి లైన్: "a²ని 12 భాగిస్తుంది, కాబట్టి aని కూడా 12 భాగిస్తుంది."

నిరూపణ ఇక్కడే తెగింది. a = 6 తీసుకోండి. 36ని 12 భాగిస్తుంది, 6ని భాగించదు. చివర్లో తను చేరిన ముగింపు నిజమే, √12 కరణీయమే. కానీ మధ్యలో ఒక తప్పు వాక్యం మీద నిలబడితే అది నిరూపణ కాదు.

మరి √3కి ఇదే వాక్యం ఎలా చెల్లింది? పోయిన పాఠంలో దాన్ని కారణం చెప్పకుండా వాడాను, ఇప్పుడు చెబుతాను. aని 3తో భాగిస్తే శేషం 1 లేదా 2 వచ్చిందనుకోండి. a = 3k + 1 అయితే a² = 9k² + 6k + 1, శేషం 1. a = 3k + 2 అయితే a² = 9k² + 12k + 4, ఇక్కడా శేషం 1. అంటే aని 3 భాగించకపోతే a²నీ భాగించదు. కాబట్టి a²ని 3 భాగించిందంటే aని భాగించి తీరాలి. 3 ప్రధాన సంఖ్య. ఏ ప్రధాన సంఖ్యకైనా ఈ మాట నిజమే. 12 ప్రధాన సంఖ్య కాదు, అందుకే దానికి ఈ మాట చెల్లలేదు.

కాబట్టి 12ని వదిలేసి, దానిలో ఉన్న 3ని పట్టుకుందాం.

a² = 12b²
a²ని 3 భాగిస్తుంది, కాబట్టి aనీ భాగిస్తుంది: a = 3c
9c² = 12b²
3c² = 4b²

ఎడమవైపు 3 గుణిజం, కాబట్టి 4b² కూడా 3 గుణిజమే. 3 ప్రధాన సంఖ్య, అది 4ని భాగించదు. కనుక b²ని, దాంతో bనీ భాగించాలి. అంటే a, b రెండింటికీ 3 ఉమ్మడి కారణాంకం. అలాంటిది లేదని మొదట్లోనే అనుకున్నాం, ఇది దానికి విరుద్ధం. కాబట్టి √12 = a/b అనుకోవడమే తప్పు, √12 కరణీయం.

12లో 2 కూడా ఉందిగా, దాన్ని పట్టుకుంటే? చేసి చూడండి. a = 2c అని పెడితే 4c² = 12b², అంటే c² = 3b². bని 2 భాగిస్తుందని ఇందులోంచి రాదు. 12 = 2 × 2 × 3. రెండు 2లూ 4c²లోని 4తో కొట్టుకుపోయాయి, bవైపు ఒక్క 2 కూడా మిగల్లేదు. 3 ఒక్కసారే ఉంది కాబట్టి పని చేసింది. కాబట్టి సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, బేసిసార్లు వచ్చినదాన్ని ఎంచుకోండి.

మీ నిరూపణ మీద అనుమానం వస్తే, అదే వాదనను √9 మీద నడపండి. a² = 9b², a = 3c, 9c² = 9b², c² = b². ఇక్కడ ఆగిపోతుంది, ఆగాలి కూడా, ఎందుకంటే √9 = 3. ఆగకుండా √9 కూడా కరణీయమని తేలిపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పిందన్నమాట. "a²ని 9 భాగిస్తే aని 9 భాగిస్తుంది" అని రాసి చూడండి, సరిగ్గా ఆ తప్పే జరుగుతుంది.

ఈ వారం √18 చేయండి. 2తో ఒకసారి, 3తో ఒకసారి మొదలుపెట్టి, ఏది ఎక్కడ ఆగిందో రాయండి. వచ్చే పాఠంలో 3√5, ∛5 రెండూ చేద్దాం.