సబ్బు మెత్తబడిందా? నూనెల్ని అనుమానించే ముందు కాస్టిక్ సీసా చూడండి

కెమికల్ ఇంజినీరింగ్ మినీ ప్రాజెక్టుల్లో సబ్బు తయారీ ఏటా ఉండేదే. మూడు నాలుగు నూనెల మిశ్రమాలు తీసుకోవడం, కాస్టిక్ సోడాతో సబ్బు చేయడం, pH, నురగ, గట్టిదనం కొలిచి ఏ బ్లెండ్ మంచిదో చెప్పడం. ఏటా వచ్చే ఫిర్యాదులూ దాదాపు అవే. గ్లోవ్స్, కళ్లద్దాలు, కాస్టిక్‌నే నీళ్లలో వేయడం, అల్యూమినియం గిన్నె వాడకపోవడం మీకు తెలుసనుకుని నేరుగా సమస్యల్లోకి వెళ్తున్నాను.

సమస్య: pH 12 దాటింది, సబ్బు పెళుసుగా పొడిపొడి అవుతోంది

ముందు మీ లెక్క కాగితం తీయండి. పాఠ్యపుస్తకాల్లో సపోనిఫికేషన్ విలువ ఒక గ్రాము నూనెకు ఎన్ని మిల్లీగ్రాముల KOH కావాలో చెబుతుంది. మీరు వాడేది NaOH. కొబ్బరి నూనెకు 257 అని ఉంటే గ్రాముకు 0.257 గ్రాముల KOH అన్నమాట. దాన్ని 40/56.1తో, అంటే 0.713తో గుణిస్తే 0.183 గ్రాముల NaOH వస్తుంది. ఈ గుణకారం మర్చిపోతే కాస్టిక్ 40 శాతం ఎక్కువ పడుతుంది. ఆ సబ్బును చేత్తో ముట్టుకోకుండా పక్కన పెట్టి మళ్లీ చేయండి.

లెక్క సరిగ్గానే ఉన్నా pH ఎక్కువ చూపిస్తుంటే కొలిచిన పద్ధతి చూడండి. తడి సబ్బు మీద pH కాగితం అద్దితే వచ్చే రంగును నమ్మలేం. ఒక గ్రాము సబ్బును 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేడిచేసి కరిగించి, గది ఉష్ణోగ్రతకు చల్లార్చి, 7, 9.2 బఫర్లతో సరిచేసిన మీటర్‌తో కొలవండి. మంచి సబ్బుకు 9 నుంచి 10.5 మధ్య రావాలి. సబ్బు నీళ్లలో ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగుకు తిరిగిందని టెన్షన్ పడొద్దు, ఏ సబ్బయినా నీళ్లలో క్షారంగానే ఉంటుంది. మిగిలిపోయిన కాస్టిక్ ఉందో లేదో తేల్చాలంటే, ముందుగా న్యూట్రల్ చేసిన ఆల్కహాల్‌లో సబ్బును వాటర్ బాత్ మీద కరిగించి ఫినాల్ఫ్తలీన్ వేయాలి. అక్కడ గులాబీ రంగు వస్తేనే కాస్టిక్ మిగిలినట్టు.

సమస్య: సబ్బు మెత్తగా, జిడ్డుగా ఉంది, నురగ తక్కువ, pH మాత్రం బాగానే ఉంది

ఎక్కువ బ్యాచులు పాడయ్యేది ఇక్కడే. మెత్తగా వస్తే సన్‌ఫ్లవర్ నూనె ఎక్కువైందంటారు, నురగ తగ్గితే ఆముదం వల్లనంటారు. రిపోర్టులోనూ అదే రాసేస్తారు. కాస్టిక్ సోడా సీసా మూత తీసి చూసేవాళ్లు ఒక్కరూ ఉండరు.

కాస్టిక్ సోడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాంతోపాటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టుకుని కొంత సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. తేమ పట్టినప్పుడు బరువు పెరుగుతుంది కానీ అసలు కాస్టిక్ పెరగదు. కార్బొనేట్‌గా మారిన భాగం ఈ వేడిలో నూనెను సబ్బుగా మార్చలేదు. మీరు త్రాసు మీద 15 గ్రాములు తూచినా, పనిచేసేది 13 గ్రాములే కావచ్చు. ల్యాబ్‌లో ఒకే సీసాను రెండు మూడు బ్యాచ్‌ల విద్యార్థులు తీసి పెడుతుంటారు. కోస్తా కాలేజీల్లో వానాకాలం వచ్చిందంటే చెప్పనక్కర్లేదు. గుళికలు విడివిడిగా దొర్లకుండా ఒకదానికొకటి అంటుకుని, పైన తడి మెరుపు ఉండి, మూత మరల దగ్గర తెల్లటి పొర పేరుకుంటే ఆ సీసా బలం తగ్గినట్టే.

pH పరీక్ష దీన్ని పట్టుకోలేదు, అందుకే ఇది ఇంతమందిని దెబ్బతీస్తుంది. సబ్బు ద్రావణం pHను ఎక్కువగా నిర్ణయించేది సబ్బు అణువులే. నూనె 5 శాతం మిగిలినా, 20 శాతం మిగిలినా మీటర్ చూపే అంకెలో పెద్ద తేడా ఉండదు, పైగా కార్బొనేట్ దాన్ని కాస్త పైకే లాగుతుంది. కాస్టిక్ ఎక్కువైతే pH చెబుతుంది, తక్కువైతే చెప్పదు. pH 9.8 వచ్చిందంటే చర్య పూర్తయిందని రాసే ప్రతి రిపోర్టునూ నేను అనుమానిస్తాను.

అంకెల్లో చూద్దాం. మీ బ్లెండ్ 100 గ్రాములు అనుకోండి: కొబ్బరి నూనె 50, సన్‌ఫ్లవర్ 30, ఆముదం 20. గ్రాముకు కావలసిన NaOH వరుసగా 0.183, 0.134, 0.128. కొంత నూనె కావాలనే మిగిలేలా కాస్టిక్‌ను ఆ మేరకు తగ్గించడమే సూపర్‌ఫ్యాట్.

```
50 x 0.183 =  9.15
30 x 0.134 =  4.02
20 x 0.128 =  2.56
మొత్తం      = 15.73 గ్రా.
5% సూపర్‌ఫ్యాట్‌తో: 15.73 x 0.95 = 14.94 గ్రా.
```

సీసాలోని కాస్టిక్ 85 శాతమే ఉంటే, 14.94 గ్రాములు తూచినా పనిచేసేది 12.70 గ్రాములే. అది 15.73లో దాదాపు 81 శాతం. మీరు 5 శాతం నూనె మిగలాలని అనుకుంటే 19 శాతం మిగిలింది. ఆ మిగిలిన నూనె సబ్బును మెత్తబరుస్తుంది, నురగను చంపేస్తుంది, అచ్చులోంచి తీస్తుంటే వేళ్లకు జిడ్డుగా అంటుకుంటుంది. ఈ మూడింటినీ బ్లెండ్ ఖాతాలో వేస్తారు.

దీనికన్నా చెడ్డ సందర్భం ఇంకోటి ఉంది. ఒక టీమ్ కొబ్బరి నూనె ఎక్కువున్న బ్లెండ్‌ను కొత్త సీసా తెరిచిన రోజే చేసింది, ఆముదం ఉన్న బ్లెండ్‌ను కొన్ని వారాల తర్వాత అదే సీసాతో చేసింది. గ్రాఫులో ఆముదం పెరిగేకొద్దీ గట్టిదనం పడిపోతున్నట్టు చక్కటి గీత వచ్చింది. వైవాలో దాన్ని గట్టిగా సమర్థించుకున్నారు కూడా. ఆ గీతలో ఆముదం వాటా ఎంత, పాతబడిన కాస్టిక్ వాటా ఎంత అన్నది ఇక ఎవరూ విడదీయలేరు. పిల్లలు నెలంతా పడ్డ కష్టం అరగంట టైట్రేషన్ లేకపోవడంతో వృథా అయింది. అది చూస్తే నాకు నిజంగా బాధేసింది.

బలం ఎలా తేల్చాలి

సీసాలోంచి ఒక గ్రాము గుళికలు మూత ఉన్న వెయింగ్ బాటిల్‌లో త్వరగా తూచండి. మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి 250 మి.లీ. చేయండి. పూర్తిగా స్వచ్ఛమైన కాస్టిక్ అయితే ఇది సరిగ్గా 0.1 నార్మల్. 10 మి.లీ. పిపెట్ చేసి, స్టాండర్డైజ్ చేసిన 0.1 నార్మల్ HClతో ఫినాల్ఫ్తలీన్ రంగు పోయేదాకా టైట్రేట్ చేయండి. ఆ రీడింగ్ రాసుకుని, అదే ఫ్లాస్క్‌లో మిథైల్ ఆరెంజ్ వేసి, పసుపు నారింజకు తిరిగేదాకా కొనసాగించండి. మొదటి రీడింగ్‌లోంచి ఈ అదనపు రీడింగ్‌ను తీసేస్తే మిగిలేది అసలు NaOH వంతు. ఉదాహరణకు మొదట 8.8 మి.లీ., ఆ తర్వాత అదనంగా 0.3 మి.లీ. పడితే, 8.8 − 0.3 = 8.5. ఈ పరిమాణాల్లో తీసుకుంటే పదితో గుణించడమే లెక్క: బలం 85 శాతం.

మిథైల్ ఆరెంజ్ ఒక్కటే వాడితే కార్బొనేట్ మొత్తం కాస్టిక్ లెక్కలో కలిసిపోతుంది. పై ఉదాహరణలో 91 శాతం అని వస్తుంది, మీరు మళ్లీ తక్కువే వేస్తారు. రెండు ఇండికేటర్ల పద్ధతి మీరు మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసిందే, దాన్ని ఇక్కడ వాడండి.

బలం తేలాక సవరణ సులువు. 14.94ను 0.85తో భాగిస్తే 17.58 గ్రాములు. అంతే తూచండి. ఒక ప్రాజెక్టులోని అన్ని బ్లెండ్లనూ ఒకే రోజు, ఒకే లైతో, అంటే నీళ్లలో కరిగించిన కాస్టిక్‌తో చేయడం ఇంకా మంచిది. కావలసినంత లై ఒకేసారి కలిపి, దాన్నే టైట్రేట్ చేసి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ప్రతి బ్లెండ్‌కూ దాంట్లోంచే తూచి పోయండి.

టైట్రేషన్‌కు ఇప్పుడు వీలు లేదంటే కనీసం ఒక కంట్రోల్ చేయండి. ఒక్క కొబ్బరి నూనెతో, అదే కాస్టిక్‌తో, అదే 5 శాతం సూపర్‌ఫ్యాట్‌తో చిన్న బ్యాచ్ వేయండి. కొబ్బరి సబ్బు మర్నాటికల్లా రాయిలా గట్టిపడాలి. అదీ జిడ్డుగా ఉంటే తప్పు మీ బ్లెండ్‌ది కాదు. కొబ్బరి గట్టిగా వచ్చి బ్లెండ్ మాత్రం మెత్తగా ఉంటే అప్పుడు సన్‌ఫ్లవర్‌ను, ఆముదాన్ని అనుమానించండి.

ఇప్పటికే మెత్తగా వచ్చిన సబ్బును తురిమి, కొంచెం నీళ్లతో వాటర్ బాత్ మీద కరిగించి, తగ్గిన కాస్టిక్‌ను కలిపి మళ్లీ ఉడికించవచ్చు. పై లెక్కలో తగ్గింది 2.24 గ్రాములు, 85 శాతం గుళికల్లో 2.64 గ్రాములు. వాడుకోవడానికి పనికొస్తుంది. టేబుల్‌లో మిగతా బ్లెండ్ల పక్కన మాత్రం దాని రీడింగ్ పెట్టకండి, ఉడికించిన సబ్బులో నీటి శాతం వేరు.

సమస్య: కాస్టిక్ సరిగ్గానే ఉంది, నురగ మాత్రం లేదు

ఏ నీళ్లు వాడారు? ల్యాబ్ కుళాయిలో బోరు నీళ్లు వస్తుంటే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి. పరీక్ష డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయండి. మూత ఉన్న 100 మి.లీ. కొలజాడీలో 50 మి.లీ. ఒక శాతం ద్రావణం, అన్ని బ్లెండ్లకూ ఒకే ఉష్ణోగ్రత, ఒకే ఊపులు, ఆపగానే ఒకసారి, 5 నిమిషాల తర్వాత ఒకసారి నురగ ఎత్తు. రెండో రీడింగ్ వదిలేయకండి. కొబ్బరి వెంటనే పెద్ద నురగ ఇస్తుంది, ఆముదం ఆ నురగను నిలబెడుతుంది. మొదటి రీడింగ్ ఒక్కటే చూస్తే ఆముదం చేసే మేలు కనబడదు.

సమస్య: గట్టిదనం రీడింగులు రోజుకోలా వస్తున్నాయి

సబ్బు ఆరేకొద్దీ గట్టిపడుతుంది. 5 రోజుల సబ్బునూ 20 రోజుల సబ్బునూ పక్కపక్కన పెడితే మీరు కొలిచేది నీటి శాతమే. అన్నింటినీ ఒకే వయసులో కొలవండి. వీలైతే 7వ రోజున, 28వ రోజున రెండుసార్లు. గోటితో నొక్కి "గట్టి, మధ్యస్థం, మెత్త" అని రాయొద్దు. సివిల్ డిపార్ట్‌మెంట్‌లో తారు పరీక్షకు వాడే పెనెట్రోమీటర్ ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. 100 గ్రాముల బరువు, 5 సెకన్లు, 25 డిగ్రీలు. సూది ఎంత తక్కువ దిగితే సబ్బు అంత గట్టి. అంచు దగ్గర కాకుండా మధ్యలో మూడు చోట్ల దింపి సగటు తీయండి.

ఉపరితలం మీద తెల్లటి పొడి వస్తే అది చాలావరకు కార్బొనేట్, చాకుతో గీకి లోపలి ముక్కతో పరీక్ష చేయండి. నూనెలో మినరల్ ఆయిల్ కల్తీ, త్రాసు చెడిపోవడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ సరిచూశాకే వాటి జోలికి వెళ్లండి.