ఇంటి వైఫై పాఠాలు – 4: చుట్టానికి క్యూఆర్, పాత పేర్లకు సెలవు

పోయిన పాఠంలో రౌటర్ పాస్‌వర్డ్ మార్చుకున్నాం. దాన్ని చుట్టానికి ఇచ్చే పని ఇవాళ్టిది.

మొన్న శనివారం పొద్దున్నే ఒంగోలు బస్సు దిగి బాబాయి మా మారతహళ్లి ఇంటికి వచ్చారు. కాఫీ గ్లాసు చేతికి అందేలోపే "వైఫై ఏంటమ్మా?" అన్నారు. మా పాస్‌వర్డ్ పదహారు అక్షరాలు. అందులో సున్నా ఉంది, ఇంగ్లిష్ ఓ కూడా ఉంది. నోటితో చెప్పి మూడుసార్లు తప్పు కొట్టించడం కన్నా క్యూఆర్ చూపించడం మేలు.

ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి ఫోన్లలో ఈ వసతి ఉంది. Settings లోకి వెళ్లి, వైఫై పేజీలో ఇప్పుడు కలిసి ఉన్న మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. అక్కడ Share కనబడుతుంది. కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది, కొన్నింట్లో QR code అనే ఉంటుంది. వేలిముద్రో పిన్నో అడిగాక చదరపు గుర్తు తెర మీదకొస్తుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి Passwords యాప్‌లో, Wi-Fi విభాగంలో దొరుకుతుంది. చుట్టం తన కెమెరాతో దాన్ని చూసి, పైకొచ్చిన మాటను నొక్కితే కలిసిపోతుంది.

ఆ గుర్తులో రహస్యమేమీ దాగిలేదు. లోపల ఉన్నది ఇంతే:

```
WIFI:T:WPA;S:MaIllu;P:pulihora2024;;
```

S దగ్గర పేరు, P దగ్గర పాస్‌వర్డ్, T దగ్గర భద్రత రకం. పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టే ఉంటుంది. అంటే దాని ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పాస్‌వర్డ్ రాసి పెట్టడం రెండూ ఒకటే. తెర మీద చూపించండి, ఫొటో పంపకండి.

గోడకు అంటించుకుందామని నేనే స్వయంగా ఒక క్యూఆర్ తయారు చేసి బోర్లాపడ్డాను. నా పాత పాస్‌వర్డ్ మధ్యలో సెమీకోలన్ ఉండేది. పైన చూశారుగా, ఒక్కో భాగం ముగిసిందని చెప్పేది సెమీకోలనే. దాంతో ఫోన్ పాస్‌వర్డ్‌ని సగంలోనే తెగ్గొట్టింది. క్యూఆర్ చక్కగా చదివింది, పేరు సరిగ్గా చూపింది, కలవలేదు. నేనేమో గంటసేపు రౌటర్‌ని తిట్టాను. అలాంటి అక్షరం ముందు వాలుగీత పెట్టాలి:

```
P:pulihora\;2024;
```

కోలన్‌కీ, కామాకీ, వాలుగీతకీ ఇదే నియమం. ఫోనే తయారుచేసే క్యూఆర్‌లో ఈ బెడద ఉండదు, అది తానే చూసుకుంటుంది.

బాబాయి ఫోన్ మాత్రం ఇంకో కారణంతో మొరాయించింది. మా రౌటర్ రెండు పేర్లు వదులుతుంది, నేను చూపించింది చివర 5G అని ఉన్నది, అంటే 5 గిగాహెర్ట్జ్‌ది. ఆయన ఫోన్ పాతది, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. దీన్ని కనిపెట్టడం తేలిక: క్యూఆర్ చదివినా, దొరికిన వైఫైల జాబితాలో ఆ పేరే కనబడదు. నా ఫోన్‌ని రెండో పేరుకి మార్చి, మళ్లీ Share నొక్కి చూపించాను. వెంటనే కలిసింది.

పనిలో పనిగా ఆయన ఫోన్‌లో Saved networks తెరిచాం. ముప్పై పైచిలుకు పేర్లు! లాడ్జీలు, పెళ్లి మండపాలు, మూతపడిన హోటలు. తాళం గుర్తు లేని పేర్లే వీటిలో ముందు తీసేయాల్సినవి. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ను ఫోన్ ఎక్కువగా పేరు చూసే గుర్తుపడుతుంది. అదే పేరు పెట్టి ఎవరు వైఫై వదిలినా, మిమ్మల్ని అడక్కుండానే వెళ్లి కలవవచ్చు. పాస్‌వర్డ్ ఉన్న పాత పేర్లతో అంత ప్రమాదం లేదు, అవి ఉత్త చెత్త.

పేరు నొక్కి Forget అనడమే. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి వైఫై పేజీ పైమూల Edit నొక్కితే పాత పేర్లన్నీ వస్తాయి. అంతకుముందు, ఆ వైఫై అందే చోట ఉంటేనే తీసేసే వీలుండేది.

ఒక్క జాగ్రత్త. హుషారులో బాబాయి తన ఒంగోలు ఇంటి పేరు మీద కూడా వేలు పెట్టబోయారు. "ఆగండి బాబాయ్, దాని పాస్‌వర్డ్ గుర్తుందా?" అన్నాను. లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో, దూరాన ఉన్నా, సేవ్ అయిన పేరు తెరిచి Share నొక్కితే క్యూఆర్ కింద పాస్‌వర్డ్ కూడా అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని ఆయన డైరీలో రాసుకున్నాం.

Forget అనేది ఆ ఒక్క ఫోన్‌లోనే మరుపు. మీరు మీ ఫోన్‌లో నొక్కినంత మాత్రాన నిరుడు వచ్చి వెళ్లిన అద్దెవాళ్ల ఫోన్‌లోంచి మీ పాస్‌వర్డ్ పోదు. దానికి రౌటర్‌లో మార్చాల్సిందే. అలా మార్చిన ప్రతిసారీ గోడ మీది క్యూఆర్ కూడా చించి కొత్తది పెట్టాలి.

ఈ వారం అభ్యాసం: మీ ఫోన్‌లో తాళం గుర్తు లేని పాత పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, తీసేయండి. వచ్చే పాఠంలో చుట్టాలకి విడిగా గెస్ట్ వైఫై పెడదాం.