పసిబిడ్డకు నూనె అంటడం, రెండో పాఠం: ఏ నూనె, ఎంత, చెయ్యి ఎలా కదలాలి

మొదటి పాఠంలో ఎప్పుడు మొదలుపెట్టాలో చూశాం. నెలలు నిండి పుట్టి, బొడ్డు ఊడి ఆ చోటు ఆరిపోయిన బిడ్డ గురించే ఈ పాఠం కూడా. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా పిల్లల డాక్టరు చెప్పేదాకా ఆగండి, వాళ్ళ చర్మం సంగతి వేరు.

ముందు నూనె. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేవి కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం. ఉత్తరాదిలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళ ఇళ్ళకి ఆవనూనె వచ్చి చేరింది, ఈ మధ్య ఆలివ్ నూనె ఫ్యాషన్ అయింది. వీటిలో ఆవనూనె పసిబిడ్డకి వద్దని గట్టిగా చెబుతాను. దానికి ఘాటు తెచ్చే పదార్థమే లేత చర్మాన్ని మండించి ఎర్రబరుస్తుంది. రాస్తే ఒళ్ళు వెచ్చగా అనిపించేది ఆ మంట వల్లే, దాన్ని చూసి చలికి మంచిదనుకుంటారు.

ఆలివ్ నూనె ఖరీదైనది కాబట్టి మంచిదనుకోవడం పొరపాటు. అందులో ఒలీక్ ఆమ్లం చాలా ఎక్కువ, అది చర్మం పైపొరలో కణాల మధ్య ఉండే కొవ్వు అమరికను చెదరగొడుతుంది. 2013లో వచ్చిన ఒక ఇంగ్లండ్ పరిశోధనలో, పెద్దవాళ్ళ చేతులకి ఆలివ్ నూనె కొన్ని వారాలు రాస్తే ఆ పొర బలహీనపడి కాస్త ఎర్రబడింది, పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట అలా కాలేదు. అయితే 2016లో మాంచెస్టర్‌లో అప్పుడే పుట్టిన పిల్లల మీద చూసినప్పుడు, రెండు నూనెలూ తేమ పెంచాయి కానీ రెండూ ఆ కొవ్వు అమరికను కొంత మార్చాయి. అందుకే నేను ఏ నూనెనీ ఆకాశానికెత్తను. ఇంట్లో తల్లికో తండ్రికో ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు, ఉంటే మాత్రం ఆలివ్ జోలికి అసలు వెళ్ళకండి, ఏ నూనె అయినా డాక్టరుని అడిగాకే.

మామూలు బిడ్డకి నా ఎంపిక కొబ్బరినూనె. వంటకి వాడే, వాసన కలపనిది తీసుకోవాలి. తలకి రాసుకునే సువాసనల సీసా ఇంట్లో ఉంది కదా అని అది వాడకండి, అందులో కలిపిన సెంటు, మూలికలే చాలాసార్లు దద్దుర్లు తెస్తాయి. నువ్వులనూనె కూడా చాలామందికి పడుతుంది, కానీ పరీక్షించి వాడాలి. ఆముదం చిక్కగా, జిగటగా ఉంటుంది. అది మండించడం కంటే, దాన్ని వదిలించడానికి సున్నిపిండితో గట్టిగా రుద్దడమే చర్మాన్ని ఎక్కువ గీరేస్తుంది. కాబట్టి ఒంటికి వద్దు. వేరుశనగనూనె కూడా వద్దు, చిన్నప్పుడు ఆ నూనె చర్మానికి తగలడానికీ తర్వాత వేరుశనగ ఎలర్జీ రావడానికీ సంబంధం కనిపించింది.

పరీక్ష ఎలా అంటే, ఒక్క చుక్క తీసి బిడ్డ పిక్క మీద రూపాయి బిళ్ళంత చోట రాసి వదిలేయండి. ఒక రోజంతా గమనించండి, మరుసటి రోజు అదే చోట ఇంకోసారి. ఎర్రదనం, పొక్కులు ఏవీ లేకపోతే మొదలుపెట్టవచ్చు. కొత్త సీసా కొన్నా, గానుగ మార్చినా ఈ పని మళ్ళీ చేయాలి.

ఒంటి మొత్తానికి ఒక టీస్పూను నూనె చాలు. నూనె గిన్నెని వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేసి, మీ మణికట్టు లోపలి వైపు వేసి చూసుకోండి. పొయ్యి మీద వద్దు, పైన చల్లగా ఉండి అడుగున కాలుతుంటుంది. పాలు తాగాక అరగంటో ముప్పావుగంటో ఆగండి. ఫ్యాను ఆపండి, కిటికీ గాలి నేరుగా తగలకుండా చూసుకోండి. గోళ్ళు తీసుకుని, ఉంగరాలు, గాజులు పక్కన పెట్టండి. నేల మీద మందంగా బట్ట పరిచి బిడ్డని దాని మీదే పడుకోబెట్టండి. కాళ్ళు చాపుకుని వాటి మీద పడుకోబెట్టే పద్ధతి అలవాటైన చేతులకి బాగుంటుంది కానీ, నూనె ఒళ్ళు ఎలా జారుతుందో మొదటిసారి చేసేవాళ్ళకి తెలియదు. ఇంకో మాట, చేతులు పట్టి లేపడం, కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, ముక్కు లాగడం ఏవీ చేయనివ్వకండి, నీళ్ళు పోసే ఆవిడ ఎంత అనుభవం ఉన్నదైనా సరే.

కాళ్ళతో మొదలుపెట్టండి. నూనె మీ అరచేతుల్లో రుద్దుకుని, ఒక చేత్తో మడమ పట్టుకుని, ఇంకో అరచేత్తో తొడ నుంచి మడమ దాకా సున్నితంగా దించండి. ఒత్తిడి ఎంతంటే, మూసిన మీ కంటిరెప్పని వేలితో నొక్కినప్పుడు ఇబ్బంది లేనంత. తర్వాత పాదాలు, చేతులు. ఎడమ జబ్బ మీద బీసీజీ వేసిన చోటుని పూర్తిగా వదిలేయండి, కొన్ని వారాలకి అక్కడ చిన్న పొక్కు వచ్చి చీము కారినా అది మామూలే, నూనె తగలకూడదు. ఆరు వారాల టీకాలు వేయించాక తొడని కూడా రెండు రోజులు ముట్టుకోకండి.

పొట్ట మీద చెయ్యి బిడ్డ కుడి పక్క నుంచి పైకి, అక్కడ నుంచి ఎడమ పక్కకి, కిందికి తిరగాలి. రొమ్ము దగ్గర మాత్రం ఆగండి. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా రొమ్ము ఉబ్బి పాలలాంటిది కారవచ్చు, తల్లి హార్మోన్ల వల్ల వచ్చేదే, వారాల్లో తగ్గిపోతుంది. దాన్ని పిండితే సెగగడ్డ కడుతుంది. తలమీద మెత్తగా ఉండే మాడు దగ్గర నూనె తాకించడమే, నొక్కడం లేదు. ముక్కులో, చెవిలో, నోట్లో చుక్క వేయడం చాలా ప్రమాదం, నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది.

ఇప్పుడొక ఉదాహరణ. విజయవాడలో మే నెల, పాపకి ఇరవై నాలుగు రోజులు, రోజూ కొబ్బరినూనె అంటి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మందంగా చుడుతున్నారు. మెడ మడతల్లో, రొమ్ము పైభాగంలో సన్నటి ఎర్రటి గుల్లలు లేచాయి. అందరూ నూనె పడలేదన్నారు. కానీ నూనె పడకపోతే నూనె రాసిన చోటల్లా, ముంగాళ్ళ మీద కూడా, చదునుగా ఎర్రబడాలి, అవి బాగానే ఉన్నాయి. ఇవి చెమటకాయలు. మడతల్లో నిలిచిన నూనె, ఉక్క కలిసి చెమట రంధ్రాలు పూడుకుపోయాయి. నూనె ఆపి, మడతలు గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఒత్తి ఆరబెట్టి, పలుచని నూలు బట్ట వేసి, పొగ మానేస్తే కొద్ది రోజుల్లో తగ్గాయి. వేసవి అయ్యేదాకా మడతలు వదిలి కాళ్ళకీ చేతులకీ మాత్రమే రాయమన్నాను.

అదే మడత లోతుల్లో బాగా ఎర్రగా కమిలి, అంచుల చుట్టూ విడివిడిగా చిన్న చుక్కలుంటే అది ఫంగస్ కావచ్చు, డాక్టరుకి చూపించాలి. పొక్కుల్లో చీము, జ్వరం, పాలు సరిగ్గా తాగకపోవడం ఉంటే అదే రోజు వెళ్ళండి. వచ్చే పాఠంలో నీళ్ళు పోయడం, నూనె వదిలించడం, సున్నిపిండి వాడాలా వద్దా అన్నది చూద్దాం.