మెడికల్ షాపులో ఎక్స్‌పైరీ అలర్ట్ రిపోర్ట్ ఎలా తయారుచేసుకోవాలి?

మెడికల్ షాపుల్లో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌పైరీ రిపోర్ట్ అనే బటన్ సాధారణంగా ఉంటుంది. అది నొక్కితే వచ్చే కొన్ని నెలల్లో గడువు తీరే బ్యాచ్‌ల జాబితా వస్తుంది. కానీ ఆ జాబితా చూసి ఏం చేయాలో తెలియదు. ఎనభై రోజుల గడువున్న ఒక బ్యాచ్ దానంతట అదే అమ్ముడుపోవచ్చు. నూట డెబ్బై రోజులున్న మరో బ్యాచ్ సగం అలాగే మిగిలిపోవచ్చు. ఈ తేడా చూపించినప్పుడే రిపోర్ట్ పనికొస్తుంది. అలాంటిది ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ మీరే తయారుచేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు బ్యాచ్‌వారీ స్టాక్‌ను షీట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకుని ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

1. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో వరుస

మందు పేరుతో ఒకే వరుస పెట్టి మొత్తం స్టాక్ రాస్తే ఈ రిపోర్ట్ తయారుకాదు. ఒకే టాబ్లెట్ మూడు బ్యాచ్‌లలో ఉంటే మూడు వరుసలు రాయాలి. కాలమ్‌లు ఇలా పెట్టుకోండి: A లో మందు పేరు, B లో బ్యాచ్ నంబర్, C లో ఎక్స్‌పైరీ నెల, D లో ఎక్స్‌పైరీ సంవత్సరం, E లో నిల్వ, F లో అన్ని బ్యాచ్‌లూ కలిపి ఆ మందు నెలకు సగటు అమ్మకం, G లో కోర్సు రోజులు. తర్వాత H నుంచి K వరకు ఫార్ములాలు వస్తాయి. L లో ఏ ర్యాక్‌లో ఉందో, M లో ఏ ఏజెన్సీ నుంచి వచ్చిందో రాయండి.

నిల్వనూ అమ్మకాన్నీ ఒకే లెక్కలో రాయాలి. ఒకచోట స్ట్రిప్‌లు, ఒకచోట టాబ్లెట్లు రాస్తే లెక్క పదింతలు తప్పుతుంది. లూజుగా అమ్మేవి ఉంటాయి కాబట్టి టాబ్లెట్లలో రాయడమే నయం. మందు పేరు కూడా అన్ని వరుసల్లో ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. ఒక వరుసలో ‘టెల్మిసార్టన్ 40’, ఇంకో వరుసలో ‘టెల్మిసార్టన్-40’ అని ఉంటే షీట్ వాటిని వేర్వేరు మందులుగా చూస్తుంది.

2. ఎక్స్‌పైరీని నెల, సంవత్సరంగా విడదీసి రాయండి

పెట్టె మీద 08/2025 అని ఉంటే ఆ మందును ఆగస్టు చివరి రోజు వరకు వాడొచ్చని అర్థం, ఆగస్టు 1 వరకని కాదు. లేబుల్ మీద రోజు కూడా వేసి ఉంటే ఆ రోజే లెక్క, అలాంటి వరుసలో H లో ఆ తేదీని నేరుగా టైప్ చేయండి.

08/27 అని ఒకే గడిలో టైప్ చేస్తే మీ కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి అది ఈ ఏడాది ఆగస్టు 27గా మారిపోవచ్చు. ఎక్కువ గడువున్న మందు ఈ ఏడాదే పోతుందన్నట్టు కనిపిస్తుంది. అందుకే C లో 8, D లో 2027 అని విడిగా రాయాలి. ఇప్పుడు H2 గడిలో ఇది పెట్టండి:

```
=DATE(D2,C2+1,0)
```

తర్వాతి నెల సున్నా తేదీ అంటే ఈ నెల ఆఖరి రోజు. 28 రోజుల ఫిబ్రవరి అయినా, డిసెంబర్ అయినా ఇది సరిగ్గానే పనిచేస్తుంది. సంవత్సరం మాత్రం నాలుగు అంకెల్లో రాయాలి. 27 అని మాత్రమే రాస్తే షీట్ దాన్ని 1927గా తీసుకుంటుంది. ఏదైనా బ్యాచ్ గడువు దాటి వేల రోజులైనట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

3. మిగిలిన రోజులు, విండో

P1 గడిలో రిపోర్ట్ తేదీ రాయండి. `=TODAY()` పెట్టుకోవచ్చు కానీ, తేదీని చేత్తో రాసి ప్రింట్ తీస్తే ఆ కాగితం ఏ రోజు లెక్కో తర్వాత కూడా తెలుస్తుంది. I2 లో మిగిలిన రోజులు:

```
=H2-$P$1
```

J2 లో విండో, అంటే ఆ బ్యాచ్ ఎన్ని రోజుల పరిధిలో పడుతుందో:

```
=IF(I2<0,"దాటింది",IF(I2<=30,"0-30",IF(I2<=90,"31-90",IF(I2<=180,"91-180","180+"))))
```

గడువు ముగిసే రోజున I లో సున్నా వస్తుంది. ఆ రోజు ఇంకా గడువులోనే ఉంది కాబట్టి ‘దాటింది’ అని పడకూడదు. అందుకే పరీక్ష సున్నా కంటే తక్కువ అని పెట్టాం.

30, 90, 180 అనే హద్దులు శిలాశాసనం కాదు. నెల మందులు ఇచ్చే అలవాటు వల్ల 30 వచ్చింది. మిగతా రెండూ మీ ఏజెన్సీలు రిటర్న్ ఎప్పుడు తీసుకుంటాయన్న దాన్ని బట్టి మార్చుకోవాలి. ఈ షరతు కంపెనీకో రకంగా ఉంటుంది. గడువుకు ఎంత ముందు తీసుకుంటారు, దాటాక ఎన్నాళ్ల వరకు తీసుకుంటారు, అసలు తీసుకోనివి ఏవి అని ప్రతి ఏజెన్సీనీ ఒకసారి అడిగి M లోనే ఏజెన్సీ పేరు పక్కన రాసి పెట్టుకోండి. ఈ ఒక్క కాలమ్ వల్ల మిగిలే డబ్బు చాలా ఎక్కువ.

4. అమ్ముడుపోనిది ఎంతో లెక్కగట్టండి

రిపోర్ట్‌కు ప్రాణం K కాలమ్‌లోని ఈ లెక్కే. బీపీ మాత్రలు కొనేవాళ్లు సాధారణంగా నెలకు సరిపడా తీసుకుంటారు. ఇరవై రోజుల గడువున్న స్ట్రిప్‌లు మూడు ఇస్తే చివరి పది మాత్రలు గడువు దాటాక మింగుతారు. కాబట్టి ఆ బ్యాచ్‌ను గడువుకు నెల ముందే ఆపేయాలి. ఐదు రోజుల యాంటీబయాటిక్‌కు ఐదు రోజులు వదిలితే చాలు. G లో రాసే కోర్సు రోజులు ఇవే. చేతిలో నిజంగా ఉన్న కాలం I లోంచి G తీసేస్తే వస్తుంది.

K2 లో ఇది పెట్టండి:

```
=MAX(0,SUMIFS(E:E,A:A,A2,H:H,"<="&H2,I:I,">=0")-F2*MAX(0,I2-G2)/30)
```

అదే మందులో ఈ బ్యాచ్ కంటే ముందు గడువు తీరే బ్యాచ్‌లను కూడా కలిపి, ఆ కాలంలో అమ్ముడుపోయేది తీసేస్తే ఎంత మిగులుతుందో ఇది చెబుతుంది. ముందు బ్యాచ్‌లను ఎందుకు కలపాలో ఒక ఉదాహరణలో చూద్దాం.

రిపోర్ట్ తేదీ 2025 జూన్ 10 అనుకోండి. టెల్మిసార్టన్ 40 నెలకు 300 మాత్రలు, అంటే రోజుకు పది పోతాయి. కోర్సు 30 రోజులు. షాపులో రెండు బ్యాచ్‌లున్నాయి. మొదటిది 08/2025 గడువుతో 420 మాత్రలు. రెండోది 11/2025 గడువుతో 1500 మాత్రలు, స్కీమ్‌లో ఎక్కువ తీసుకున్నవి.

మొదటి బ్యాచ్‌కు ఆగస్టు 31 వరకు 82 రోజులున్నాయి, విండో 31-90. కోర్సు తీసేస్తే 52 రోజులు, అంటే 520 మాత్రలు అమ్మే వీలుంది. ఉన్నవి 420 కాబట్టి K లో సున్నా. మామూలు రిపోర్ట్‌లో ఇదే పైన కూర్చుని టెన్షన్ పెడుతుంది, నిజానికి దీంతో చిక్కేమీ లేదు.

రెండో బ్యాచ్‌కు నవంబర్ 30 వరకు 173 రోజులు, విండో 91-180. కోర్సు పోను 143 రోజులు, 1430 మాత్రలు. దీన్ని ఒక్కదాన్నే చూస్తే 70 మాత్రలే మిగులుతాయనిపిస్తుంది. కానీ ఆ 1430లో మొదటి 420 పాత బ్యాచ్‌వి. రెండూ కలిపి 1920, అందులోంచి 1430 పోతే 490 మిగులుతాయి. నలభై తొమ్మిది స్ట్రిప్‌లు. గడువు ఇంకా ఐదు నెలలకు పైగా ఉండగానే ఈ సంగతి తెలిసింది. ఇప్పుడే ఏజెన్సీతో మాట్లాడితే ఇంకా గడువున్న సరుకు కాబట్టి వెనక్కి తీసుకోమని అడగడానికి బలం ఉంటుంది. అక్టోబర్‌లో అదే మాట అడిగితే ఎవరూ ఉత్సాహం చూపరు. అక్టోబర్ ఆఖరు దాకా ఈ మందుకు కొత్త ఆర్డర్ పెట్టకూడదని కూడా ఇదే లెక్క చెబుతోంది.

ఒకే మందుకు రెండు వరుసల్లోనూ K లో అంకె వస్తే వాటిని కూడకండి. తర్వాత గడువు తీరే బ్యాచ్ అంకెలో ముందు తీరేది కలిసే ఉంటుంది. F లో సగటు రాసేటప్పుడు మూడు నెలల అమ్మకం తీసుకుంటే చాలు. దగ్గు సిరప్‌లు, ఓఆర్ఎస్ లాంటి సీజన్ సరుకుకు మాత్రం రాబోయే నెలల్లో గత ఏడాది జరిగిన అమ్మకం చూడాలి. మే నెల ఓఆర్ఎస్ అమ్మకంతో నవంబర్‌ను అంచనా వేస్తే నష్టపోతారు.

5. ర్యాక్‌తో సరిచూడండి

షీట్ ఎంత బాగున్నా బ్యాచ్ నిల్వ తప్పయితే రిపోర్ట్ అబద్ధం చెబుతుంది. తప్పు సాధారణంగా కౌంటర్ దగ్గరే జరుగుతుంది. బిల్లులో సాఫ్ట్‌వేర్ పాత బ్యాచ్‌ను ఎంచుకుంటుంది, చేయి మాత్రం ముందు దొరికిన కొత్త స్ట్రిప్‌ను తీస్తుంది. కంప్యూటర్‌లో పాత బ్యాచ్ అయిపోతుంది, ర్యాక్‌లో అలాగే ఉంటుంది. ఇక అది ఏ రిపోర్ట్‌లోనూ రాదు.

దీన్ని పట్టుకోవడానికి జాబితా పట్టుకుని ర్యాక్‌కు వెళ్తే సరిపోదు. ర్యాక్ నుంచి కొన్ని స్ట్రిప్‌లు తీసి వాటి బ్యాచ్ జాబితాలో ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆ ర్యాక్ మొత్తం లెక్కపెట్టాలి. ఏదైనా బ్యాచ్ నిల్వ మైనస్‌లో కనిపించినా కారణం ఇదే అయ్యుండొచ్చు. ఫ్రిజ్‌లోని ఇన్సులిన్, పై అరలోని పౌడర్ డబ్బాలు ఈ తనిఖీలో తప్పించుకుంటుంటాయి, వాటిని ముందే చూసేయండి.

కొత్త సరుకు వచ్చినప్పుడు తక్కువ గడువున్న బ్యాచ్ ముందుకు, ఎక్కువ గడువున్నది వెనక్కి సర్దాలి. పాత స్ట్రిప్‌లు వెనకాల ఉండిపోతే పై ఉదాహరణలో సున్నా చూపిన 420 మాత్రలు కూడా పోతాయి. స్ట్రిప్ కత్తిరించేటప్పుడు బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న కొస షాపులోనే మిగిలేలా అవతలి వైపు నుంచి కత్తిరించమని కుర్రాళ్లకు చెప్పండి. కొనేవాళ్లకు ఆ వివరాలు బిల్లులో ఉంటాయి. గడువు కనిపించని ముక్కను మాత్రం ఇక అమ్మకూడదు.

ఇక్కడొక హద్దు ఉంది. లేబుల్ మీది గడువు, మందును చెప్పిన ఉష్ణోగ్రతలో ఉంచితేనే చెల్లుతుంది. కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోతే ఇన్సులిన్ సంగతి ఈ షీట్‌కు తెలియదు.

6. ఏ విండోకు ఏ పని

ముందు 91-180 చూడండి, K లో అంకె ఉన్నవి మాత్రమే. ఆర్డర్ ఆపడం, ఏజెన్సీకి ఫోన్ చేయడం ఈ దశలోనే. 31-90లో మిగులు ఉంటే రిటర్న్ చలానా రాయాలి. అందులో బ్యాచ్, ఎక్స్‌పైరీ, కొన్న బిల్లు నంబర్ ఉండాలి. కత్తిరించిన స్ట్రిప్‌లు వెనక్కి తీసుకోరేమో ముందే అడగండి. 0-30లోకి వచ్చిన నెల మందులను అమ్మే ర్యాక్ నుంచి తీసేయండి.

గడువు దాటినవి అమ్మే సరుకుతో కలిసి ఉండకూడదు. 1945 డ్రగ్స్ రూల్స్‌లోని 65(17) ప్రకారం వాటిని వేరుగా పెట్టెలో పెట్టి, పైన ‘నాట్ ఫర్ సేల్’ అని స్పష్టంగా కనిపించేలా రాయాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఆగకుండా, నెల మారిన రోజే రిపోర్ట్ తీసి ఆ పెట్టె నింపండి, ఎందుకంటే గడువులు ఎక్కువగా నెలాఖరుకే తీరతాయి. రిటర్న్ పంపాక N కాలమ్‌లో పంపిన తేదీ, O లో క్రెడిట్ నోట్ నంబర్ రాయండి. N నిండి O ఖాళీగా ఉన్న వరుసలు ఫిల్టర్ చేస్తే ఏజెన్సీల దగ్గర ఏ సరుకు డబ్బు ఆగిపోయిందో కనిపిస్తుంది.